మధుమేహం ఉండగా గర్భం కోసం సిద్ధమవుతున్నాను: ఏ మందు ముందు మార్చాలి, ఏది తరువాత?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నా వయసు 29, బరువు 62 కిలోలు. నాలుగేళ్ల క్రితం టైప్ 2 మధుమేహం బయటపడింది. ఇప్పుడు పిల్లల కోసం ప్రయత్నించాలని మేమిద్దరం అనుకుంటున్నాము. మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ మధ్య చేయిస్తే 8.3 వచ్చింది. ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటే పరగడుపున 125 నుంచి 140 వరకు, ఉదయం టిఫిను తిన్న రెండు గంటలకు 190 దగ్గర ఉంటోంది.

నేను వాడే మందులు ఇవి. గ్లిమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. డాపాగ్లిఫ్లోజిన్ 10, సిటాగ్లిప్టిన్ 100 కలిసిన మాత్ర ఉదయం. రక్తపోటుకు టెల్మిసార్టాన్ 40. కొలెస్ట్రాల్‌కు రాత్రి రోసువాస్టాటిన్ 10.

హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకి వచ్చాక ప్రయత్నించమనీ, ఈలోగా మందులు మార్పించుకోమనీ స్త్రీ వైద్యురాలు చెప్పారు. మార్చవలసిన ఫిజీషియనేమో గర్భం నిలిచాక మారుద్దాములే అన్నారు. ఇద్దరి మాటకూ పొంతన కుదరలేదు. వచ్చే నెల నుంచి మాత్రలన్నీ ఒకేసారి మానేసి, ఆహార నియమం గట్టిగా పాటిస్తే సరిపోతుందా? అసలు ఏ మందు ముందు మానాలి, ఏది తరువాత?

మామిడితోట

చెల్లీ, అంత కంగారు అవసరం లేదు. నాకూ రెండో బిడ్డప్పుడు షుగరు వచ్చింది. ఆరో నెలలో గ్లూకోజు నీళ్లు తాగించి రక్తం తీశారు, 160 దాటిందన్నారు. అన్నం తగ్గించి, పూటపూటా నడిచి, ఏ మందూ లేకుండానే కాన్పు దాకా నెట్టుకొచ్చాను. బిడ్డ మూడు కిలోలు పుట్టాడు, ఆ తరువాత షుగరు కూడా పోయింది. నువ్వు కూడా ఆరో నెలలో ఆ పరీక్ష చేయించుకుని, అప్పుడు చూసుకుంటే చాలు.

నీలాంబరి

మామిడితోట గారూ, మీకు వచ్చినది గర్భంతో మొదలై కాన్పుతో పోయిన మధుమేహం. అది సాధారణంగా నాలుగైదు నెలలు దాటాక తలెత్తుతుంది, అప్పటికి శిశువు అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి. కృష్ణాతీరం గారిది గర్భానికి ముందే ఉన్న మధుమేహం. ఆమె విషయంలో ప్రమాదమంతా మొదటి ఆరేడు వారాలలోనే ఉంది. వెన్నుపాముగా మారే గొట్టం గర్భం ధరించిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. గుండె గదులు కూడా ఆ కొద్ది వారాలలోనే విడివడతాయి. నెల తప్పిందని గమనించి, ఇంట్లో పరీక్ష చేసుకుని, డాక్టరు దగ్గర వరుస దొరికేసరికి చాలామందికి ఏడో వారమో ఎనిమిదో వారమో వచ్చేస్తుంది. కాబట్టి గర్భం నిలిచాక మందులు మార్చడమంటే అసలు పని జరిగే కాలాన్ని వదిలేయడమే.

నేను మధుమేహ విభాగంలో పనిచేసే వైద్యురాలిని. మిమ్మల్ని పరీక్షించకుండా మోతాదులు నిర్ణయించలేను, కానీ మార్పుల వరుస ఎలా ఉంటుందో, ఎందుకు అలా ఉంటుందో చెప్పగలను. ముందుగా ఒక మాట: మాత్రలన్నీ ఒకేసారి మానకండి. మీరు వాడుతున్న నాలుగు రకాల షుగరు మందులలో మూడింటిని ఎలాగూ తీసేయాలి. కానీ వాటి స్థానంలో ఏదీ పెట్టకుండా తీసేస్తే వారం తిరక్కుండానే పరగడుపు అంకె బాగా పైకి పోవచ్చు. సరిగ్గా ఆ నెలలో గర్భం నిలిస్తే, మందుల వల్ల కలగవచ్చునని భయపడిన హాని కంటే అధిక గ్లూకోజు వల్ల కలిగే హాని ఎక్కువ. అందుకే మార్పులన్నీ పూర్తయి, అంకెలు నిలకడగా ఉన్నాయని తేలేవరకు గర్భనిరోధక పద్ధతిని కొనసాగించాలి.

మరి మూడు విషయాలు చెప్పండి. కంటి పాప పెద్దది చేసి రెటీనా పరీక్ష ఎప్పుడు చేశారు? మూత్రంలో ఆల్బుమిన్ ఎప్పుడైనా చూశారా? హిమోగ్లోబిన్ ఎంత?

శ్రీకాకుళం మాస్టారు

మా కోడలి విషయంలో ఈ దారి అంతా నడిచాము కనుక చెబుతున్నాను. గర్భం కావాలనుకున్న స్త్రీ ఏ షుగరు మాత్రా వేసుకోకూడదు, మెట్‌ఫార్మిన్‌తో సహా. ఇన్సులిన్ ఒక్కటే మాయను దాటదు, మిగిలినవన్నీ దాటి బిడ్డకు చేరతాయి. కాబట్టి అన్నీ మాని ఇన్సులిన్‌కు వెళ్లడమే సరైన పని. స్టాటిన్ మాత్ర కూడా వద్దు. ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు.

నీలాంబరి

మాస్టారు గారూ, ఇన్సులిన్ గురించి మీరు చెప్పినది నిజం. మనం వాడే ఇన్సులిన్‌లు మాయను దాటి చెప్పుకోదగినంతగా బిడ్డకు చేరవు, అందుకే వాటిని ముందు వరుసలో పెడతాము. మెట్‌ఫార్మిన్ దాటుతుందన్నదీ నిజమే. కానీ దాటడం వేరు, అవయవలోపాలు కలిగించడం వేరు. అండం విడుదల క్రమం తప్పే పీసీఓఎస్ అనే సమస్య ఉన్న ఎంతోమంది స్త్రీలు మెట్‌ఫార్మిన్ వాడుతూ గర్భం ధరించారు, వారి పిల్లలలో అవయవలోపాలు పెరిగినట్లు కనబడలేదు. కనుక గర్భానికి ముందు దానిని మానమని నేను చెప్పను. గర్భం నిలిచాక కొనసాగించాలా వద్దా అన్నదానిపైన మాత్రం వైద్యులలో భేదాభిప్రాయం ఉంది. టైప్ 2 ఉన్న గర్భిణులకు ఇన్సులిన్‌తో పాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూసిన మిటీ అనే అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. తల్లి బరువు తక్కువ పెరిగింది, ఇన్సులిన్ మోతాదు తగ్గింది, మరీ పెద్ద బిడ్డలు తగ్గారు, కానీ ఉండవలసిన దానికంటే చిన్నగా పుట్టిన బిడ్డలు పెరిగారు. అందువల్ల రక్తపోటు గానీ, కిడ్నీ సమస్య గానీ ఉండి, బిడ్డ ఎదుగుదల కుంటుపడే అవకాశం ఉన్న తల్లికి కొందరు వైద్యులు దానిని ఆపేస్తారు.

లెస్టర్ తెలుగమ్మాయి

నాది టైప్ 1, పన్నెండో ఏట నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాను, ఇప్పుడు పంపు వాడుతున్నాను. ఇక్కడ ఇంగ్లండులో గర్భానికి ముందే మమ్మల్ని ప్రత్యేక క్లినిక్‌కు పంపుతారు. అక్కడ చెప్పిన లక్ష్యాలు ఇవి: హెచ్‌బీఏ1సీ 6.5 లోపు, నిద్ర లేచాక గ్లూకోజు 5 నుంచి 7 మధ్య. మన లెక్కలో అది 90 నుంచి 126. హెచ్‌బీఏ1సీ 10 దాటి ఉంటే అసలు ప్రయత్నించవద్దని గట్టిగానే చెబుతారు. ఫోలిక్ ఆసిడ్ రోజుకు 5 మిల్లీగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టడానికి ముందు నుంచి పన్నెండో వారం వరకు.

నాకు తగ్గించడం కంటే తగ్గించే దారిలో గ్లూకోజు మరీ పడిపోవడం కష్టమైంది. 7.4 నుంచి 6.4కు వచ్చేసరికి వణుకు, చెమట లాంటి హెచ్చరికలు నాకు తెలియడం మానేశాయి. చేతికి పెట్టుకున్న సెన్సరు మోగితేనే తెలిసేది. మా వారికి, పడిపోయిన గ్లూకోజును పైకి తెచ్చే గ్లూకగాన్ ఇంజెక్షను ఎలా ఇవ్వాలో క్లినిక్‌లో నేర్పించారు. చివరికి మా నర్సు లక్ష్యాన్ని 6.8కి సడలించి, ఆ హెచ్చరికలు తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండమంది. 6.5 అనేది అందరికీ ఒకే గీత కాదని నాకు అప్పుడు అర్థమైంది. నా విషయంలో మాత్రలు మార్చే గొడవ లేదు కనుక ఆ వరుస గురించి నాకు తెలియదు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. నీలాంబరి గారూ, మీరు అడిగాక ఫిజీషియన్‌తో మళ్లీ మాట్లాడి పరీక్షలు రాయించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.1, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ బాగా తక్కువ. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 18. రెటీనా పరీక్ష నాలుగేళ్లలో ఇదే మొదటిసారి, రెండు కళ్లలోనూ తొలి దశ మార్పులు ఉన్నాయనీ, ఇప్పుడు లేజరు అవసరం లేదనీ రాశారు. రక్తపోటు 126/80. ఐరన్ మాత్రలు మొదలుపెట్టమన్నారు. ఇన్సులిన్ విషయానికి వస్తే, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానలేమని మా అత్తయ్య గారు భయపడుతున్నారు.

సూక్ష్మదర్శిని

నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. కృష్ణాతీరం గారి హిమోగ్లోబిన్ చూశాక ఒక విషయం చెప్పాలనిపించింది. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణాలు ఎంత గ్లూకోజును అంటించుకున్నాయో చెప్పే లెక్క. ఐరన్ లోపం ఉన్నప్పుడు కొత్త కణాలు తక్కువగా పుడతాయి, పాత కణాలు ఎక్కువ కాలం తిరుగుతాయి, దాంతో అసలు గ్లూకోజు సగటు కంటే హెచ్‌బీఏ1సీ కాస్త ఎక్కువగా చూపించవచ్చు. 8.3 అంటే సగటు గ్లూకోజు సుమారు 190 ఉండాలి. ఆమె చెప్పిన అంకెలు పరగడుపున 130, తిన్నాక 190. వాటిని బట్టి చూస్తే సగటు 160, 165 దగ్గర ఉండవచ్చు, అది 7.2, 7.4కు సమానం. తేడాకు కారణం రక్తహీనత కావచ్చు. లేదా ఆమె కొలవని వేళల్లో, ముఖ్యంగా రాత్రి భోజనం తరువాత, గ్లూకోజు బాగా పెరుగుతూ ఉండవచ్చు. రెండింటిలో ఏదో ఈ కాగితం చూసి చెప్పలేము.

నా భయం అది కాదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టగానే కొత్త కణాలు గుంపుగా పుట్టుకొస్తాయి. అవి గ్లూకోజుకు తగిలిన కాలం తక్కువ. కనుక గ్లూకోజు ఏమీ తగ్గకపోయినా రెండు నెలల్లో హెచ్‌బీఏ1సీ దిగిపోవచ్చు. 6.5 వచ్చిందని సంబరపడి ప్రయత్నం మొదలుపెట్టడానికి అంతకంటే తప్పుడు సమయం ఉండదు. హెచ్‌బీఏ1సీతో పాటు వేలి పోటు అంకెల పుస్తకం కూడా చూడాలి. తలసీమియా లక్షణం ఉన్నవారికి, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవారికి ఈ పరీక్ష ఇంకో రకంగా తప్పుతుంది.

నీలాంబరి

సూక్ష్మదర్శిని గారు చెప్పినది చాలా ముఖ్యం. మా క్లినిక్‌లో ఇలాంటివారిని రెండు వారాల పాటు రోజుకు ఏడుసార్లు కొలవమంటాము: మూడు పూటలా తినే ముందు, తిన్న రెండు గంటలకు, ఆపైన పడుకునే ముందు. స్తోమత ఉంటే పద్నాలుగు రోజుల సెన్సరు ఒకటి పెట్టించుకున్నా ఆ తేడా బయటపడుతుంది.

ఇప్పుడు మందుల వరుస. కృష్ణాతీరం గారి కాగితాలను ముందు పెట్టుకుని చెబుతున్నాను.

మొదట కన్ను. గ్లూకోజును ఒక్కసారిగా దించితే రెటీనా మార్పులు కొంతకాలం ముదరవచ్చు, గర్భం కూడా వాటిని ముదిరిస్తుంది. ఈమెకు ఉన్నది తొలి దశ కనుక ఆపవలసిన పని లేదు, కానీ 8.3 నుంచి 6.5కు నెల రోజుల్లో దూకించాలని చూడను, నాలుగైదు నెలలు తీసుకుంటాను, మూడు నెలలకు కన్ను మళ్లీ చూపిస్తాను. లేజరు అవసరమైన దశలో ఉంటే అది పూర్తయి కళ్లు నిలకడగా ఉన్నాయని కంటి వైద్యులు చెప్పేవరకు గర్భాన్ని వాయిదా వేయమంటాను.

రెండోది రక్తపోటు మందు. టెల్మిసార్టాన్ గర్భం నాలుగో నెల తరువాత కొనసాగితే బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోతుంది. దానిని గర్భానికి ముందే లాబెటలాల్‌కో, నెమ్మదిగా పనిచేసే నిఫెడిపిన్‌కో మారుస్తాము. కొత్త మందుతో రక్తపోటు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఈ మార్పును ముందుకు జరుపుతాను. మూత్రంలో ఆల్బుమిన్ బాగా పోతున్నవారికైతే కథ వేరు. వారికి ఈ మందు కిడ్నీని కాపాడుతోంది. గర్భం ఎప్పుడు నిలుస్తుందో తెలియక ఏడాదిపాటు దానికి దూరం చేయడం మంచిదా అని కిడ్నీ వైద్యులు ఆలోచిస్తారు. కొందరు నెలనెలా గర్భ పరీక్ష చేయిస్తూ, నిలిచిందని తెలిసిన రోజున ఆపుతారు. ఆల్బుమిన్ నిష్పత్తి 18 అనేది 30 లోపే కనుక కృష్ణాతీరం గారికి ఆ సందిగ్ధం లేదు.

మూడోది షుగరు మందులు. ఇక్కడ తీసేయడం కంటే పెట్టడం ముందు జరగాలి. మాత్రలు కొనసాగుతుండగానే పడుకునే ముందు నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ మొదలవుతుంది. 62 కిలోల మనిషికి వైద్యులు సాధారణంగా 8, 10 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి, పరగడుపు అంకె చూస్తూ మూడు రోజులకు రెండు యూనిట్ల చొప్పున పెంచుతారు. పరగడుపు అంకె కుదుటపడ్డాక డాపాగ్లిఫ్లోజిన్, సిటాగ్లిప్టిన్ కలిసిన మాత్ర ఆపుతాము. ఆపిన వారంలో అంకెలు కొంత లేస్తాయి, బెదరకూడదు. ఆ తరువాత ఏ పూట తిన్నాక ఎక్కువ పెరుగుతోందో చూసి, ఆ పూటకు త్వరగా పనిచేసే ఇన్సులిన్ కలుపుతాము. సరిగ్గా అప్పుడే గ్లిమిపిరైడ్ ఆగిపోవాలి. ఆ రెండూ కలిసి ఉంటే మధ్యాహ్నం పదకొండు, పన్నెండు గంటల వేళ గ్లూకోజు 60కి పడిపోవడం నేను తరచూ చూస్తాను. మెట్‌ఫార్మిన్ ఉంటుంది.

స్టాటిన్‌ను గర్భనిరోధకం ఆపేలోగా ఆపితే చాలు. 29 ఏళ్ల మనిషికి ఏడాదిన్నర ఆపినందువల్ల నష్టం ఉండదు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే కుటుంబాల వారి సంగతి వేరుగా చూడాలి.

చివరి లక్ష్యం గురించి నా అభిప్రాయం: గర్భంలో పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలంటాము. గ్లూకోజు పడిపోకుండా సాధ్యమైతే ఆ అంకెలకు ముందే అలవాటు పడటం మంచిది. పడిపోతున్నవారిని లెస్టర్ తెలుగమ్మాయి గారి నర్సు చేసినట్లు కొంచెం పైనే ఆపాలి.

అత్తయ్య గారి భయానికి జవాబు: టైప్ 2 ఉన్న చాలామంది కాన్పు తరువాత మళ్లీ మాత్రలకు వెళ్తారు. పాలిచ్చే కాలంలో మెట్‌ఫార్మిన్ వాడవచ్చు.

గుంటూరు ఔషధి

మందుల దుకాణం నడుపుతాను, అందుచేత నాకు కనబడేది ఒకటి చెబుతాను. కృష్ణాతీరం గారి మందులలో రెండు జంట మాత్రలు ఉన్నాయి. డాక్టరు గ్లిమిపిరైడ్ ఆపమంటే ఆ స్ట్రిప్ పక్కన పడేస్తారు, దానితో పాటు మెట్‌ఫార్మిన్ కూడా పోతుంది. లేదా మెట్‌ఫార్మిన్ కొనసాగించమన్నారు కదా అని ఆ స్ట్రిప్‌నే వాడుతూ గ్లిమిపిరైడ్ కూడా మింగుతారు. రెండూ చూశాను. ఒట్టి మెట్‌ఫార్మిన్‌ను విడిగా చీటీ మీద రాయించుకోండి. రక్తపోటు మాత్రల్లో కూడా టెల్మిసార్టాన్‌తో మరొకటి కలిసినవి చాలా ఉన్నాయి. పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేర్లు ఉంటాయి. ఆ చిన్న అక్షరాలే చదవాలి.

ఇంకొకటి ఫోలిక్ ఆసిడ్. ప్రభుత్వ కేంద్రంలో ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆసిడ్ ఉంది కదా, అదే చాలుననుకుంటారు. అందులో ఉన్నది 500 మైక్రోగ్రాములు, అంటే అర మిల్లీగ్రాము. లెస్టర్ అమ్మాయి గారు చెప్పినది దానికి పది రెట్లు.

శ్రీకాకుళం మాస్టారు

అయితే 5 మిల్లీగ్రాముల మాత్రే అందరూ వేసుకోవాలా? మా కోడలికి ఇచ్చినది ఆ అర మిల్లీగ్రాముదే, మనవరాలు బాగానే ఉంది.

నీలాంబరి

ఇందులో దేశానికో పద్ధతి ఉంది మాస్టారు గారూ. మధుమేహం ఉన్నవారికి ఇంగ్లండులో 5 మిల్లీగ్రాములంటారు, అమెరికా మధుమేహ సంఘం కనీసం 400 మైక్రోగ్రాములంటుంది. నేను 5 రాస్తాను, నా సహోద్యోగి ఒకరు రాయరు. నేను రాసేటప్పుడు బీ12 పరీక్ష కూడా రాస్తాను. మెట్‌ఫార్మిన్ కొన్నేళ్లు వాడితే బీ12 తగ్గవచ్చు. శాకాహారులకైతే ముందే తక్కువ ఉంటుంది. బీ12 లోపం ఉండగా ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆసిడ్ ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపించి, నరాల నష్టం మాత్రం లోపల సాగిపోతుంది. ఎంత మోతాదైనా గర్భానికి కనీసం నెల ముందు, వీలైతే రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టాలన్నదానిలో మాత్రం తేడా లేదు.

కృష్ణాతీరం

చాలా వరకు స్పష్టమైంది. ఏడుసార్లు కొలవడం మొదలుపెట్టాను. సూక్ష్మదర్శిని గారి అనుమానం సగం నిజమైంది. మధ్యాహ్నం భోజనం తరువాత 150 లోపే ఉంటోంది, రాత్రి భోజనం తరువాత మాత్రం 210, 220 వస్తోంది. ఇప్పటిదాకా ఆ వేళ ఎప్పుడూ కొలవలేదు. మా ఇంట్లో భోజనం తొమ్మిదిన్నరకు, తినగానే నిద్ర. ఈ అంకెలతో, మీరు చెప్పిన వరుసతో మధుమేహ వైద్యుల దగ్గరికి వెళ్లాను. టెల్మిసార్టాన్ బదులు లాబెటలాల్ 100 రెండు పూటలా రాశారు, రాత్రి ఇన్సులిన్ 8 యూనిట్లతో మొదలుపెట్టారు. డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర తరువాత ఆపుదామన్నారు. బీ12 ఫలితం రావాలి.

ఒక సందేహం మిగిలింది. రక్తహీనత తగ్గేవరకు హెచ్‌బీఏ1సీని నమ్మకూడదంటే, ప్రయత్నం మొదలుపెట్టవచ్చునని దేనిని చూసి నిర్ణయించుకోవాలి?

సూక్ష్మదర్శిని

హిమోగ్లోబిన్ పెరగడం ఆగి ఒకచోట నిలిచాక మరో మూడు నెలలకు చేసే హెచ్‌బీఏ1సీ నమ్మదగినది. ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష రెండు మూడు వారాల సగటును చూపుతుంది, ఎర్ర కణాలతో దానికి పని లేదు. కానీ గర్భానికి ఏ అంకె దగ్గర సరే అనవచ్చో అందరూ ఒప్పుకున్న గీత దానికి లేదు.

నీలాంబరి

నేనైతే అంత కాలం ఆపను. అప్పటికి ఇంటి అంకెలు వరుసగా ఆరేడు వారాలు లక్ష్యంలో ఉండి, హెచ్‌బీఏ1సీ కూడా అదే దారిలో దిగుతూ ఉంటే గర్భనిరోధకం ఆపవచ్చునంటాను. రెండూ వేర్వేరు దారుల్లో ఉంటే సెన్సరు పెట్టి చూస్తాను. ఇక్కడ సూక్ష్మదర్శిని గారికీ నాకూ అభిప్రాయం కలవకపోవచ్చు. ఆమె వయసు 29 కనుక మూడు నెలలు ఆగినా నష్టం లేదు. 38 ఏళ్ల వారికి ఆ మూడు నెలలకూ విలువ ఉంటుంది.

వరంగల్ వెన్నెల

నేను ఇదంతా ఆలస్యంగా చదువుతున్నాను. నాకు పీసీఓఎస్ ఉంది, నెలసరి ఎప్పుడూ క్రమంగా రాదు. మధుమేహానికి వారానికొకసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షనూ, రక్తపోటుకు టెల్మిసార్టానూ వాడుతున్నాను. ఎనిమిది కిలోలు తగ్గాక నెలసరి దానంతటదే కుదురుకుంది. నిన్న ఇంట్లో చేసిన పరీక్షలో గర్భం నిలిచిందని తెలిసింది. చివరి నెలసరి లెక్కన ఆరో వారం. హెచ్‌బీఏ1సీ రెండు నెలల క్రితం 6.7. ఇంట్లో వాళ్లు ఈ మందులు వాడావు కనుక తీయించుకోవాలంటున్నారు. ఏం చేయాలి?

నీలాంబరి

వెన్నెల గారూ, ఈ మందులు వాడినంత మాత్రాన గర్భం తీయించుకోవలసిన అవసరం లేదు. టెల్మిసార్టాన్ వల్ల స్పష్టంగా తెలిసిన హాని నాలుగో నెల తరువాతిది, మీరు ఆరో వారంలోనే గమనించారు. కానీ దానిని మీరే మానేసి ఊరుకోకండి. ఈ రోజే డాక్టరును కలిసి లాబెటలాల్ లాంటి మందుకు మార్పించుకోండి. తదుపరి సెమాగ్లూటైడ్ డోసు వేసుకోకండి. అది శరీరంలో వారాల తరబడి ఉంటుంది కనుక గర్భానికి రెండు నెలల ముందే ఆపమంటారు. గర్భంలో దానివల్ల ఏమవుతుందో చెప్పేంత సమాచారం మనుషులలో ఇంకా పోగుపడలేదు. అది పూర్తిగా క్షేమమనీ, హానికరమనీ ఏదీ మీకు చెప్పలేను. బరువు తగ్గాక అండం విడుదల మళ్లీ మొదలై, అనుకోకుండా గర్భం నిలవడం ఈ ఇంజెక్షను వాడేవారిలో తరచుగా చూస్తున్నాము.

మీ 6.7 లక్ష్యానికి దగ్గరదే, కానీ అది ఆ ఇంజెక్షను పనిచేస్తున్నప్పటి అంకె. దాని ప్రభావం దిగిపోతున్న కొద్దీ గ్లూకోజు లేస్తుంది, సరిగ్గా అవయవాలు ఏర్పడుతున్న వారాలలోనే. అందుకని ఈ రోజు నుంచే పరగడుపున, తిన్నాక కొలవండి. పరగడుపు అంకె 95 దాటుతుంటే ఇన్సులిన్‌కు ఆలస్యం చేయవద్దని మీ డాక్టరుకు చెప్పండి. ఫోలిక్ ఆసిడ్ ఇంతవరకు వేసుకోకపోతే ఇప్పుడైనా మొదలుపెట్టండి. రెటీనా ఈ నెలలోనే చూపించుకోండి. 18, 20 వారాల మధ్య చేసే అవయవాల స్కానుతో పాటు బిడ్డ గుండెకు ప్రత్యేకంగా చేసే ఎకో కూడా రాయించుకోండి. మీ ఊళ్లో ఆ ఎకో చేసేవారు లేకపోతే ఇప్పుడే హైదరాబాదులో సమయం తీసుకుని ఉంచుకోండి.